ఉద్యోగ ప్రకటనలో బయటపడే గుట్టు

శ్రోతలందరికీ నమస్కారం. ముందుగా ఒక ఉద్యోగ ప్రకటన చదువుతాను. కాస్త జాగ్రత్తగా వినండి.

"సీనియర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావలెను. విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలి. ప్రస్తుత సర్వర్లను కొత్త వెర్షన్‌కు మార్చే బాధ్యత తీసుకోవాలి. ఉద్యోగులు ఇంటి నుంచి లాగిన్ అయ్యే వీపీఎన్‌కు ఓటీపీ విధానం ప్రవేశపెట్టాలి. రాత్రివేళ అలర్టులు గమనించే బృందాన్ని కొత్తగా ఏర్పాటు చేయాలి. దరఖాస్తులు హెచ్‌ఆర్ అధికారి ఈమెయిల్‌కు పంపండి."

ఇలాంటి ప్రకటనల్లో మామూలుగా కనిపించే వాక్యాలనే తీసుకుని, పేర్లు లేకుండా దీన్ని నేను కూర్చాను. చదివితే తప్పేమీ కనిపించదు. మంచి మనిషి కావాలని నిజాయితీగా రాసిన ప్రకటన. కానీ దొంగ కళ్లతో చదివితే ఏం కనిపిస్తుందో ఒక్కో వాక్యం పట్టుకుని చూద్దాం.

రెండో వాక్యంలో సర్వర్ వెర్షన్ ఉంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. ఆ తర్వాత విడిగా ఏర్పాటు చేసుకున్న వాళ్లకే అవి అందాయి. అంటే కొత్తగా బయటపడే లోపాలకు ఇక్కడ మందు పడి ఉండకపోవచ్చు. మూడో వాక్యంలో "మార్చే బాధ్యత" అన్నారు. అంటే ఇంకా మార్చలేదు. నాలుగోదాంట్లో ఓటీపీ "ప్రవేశపెట్టాలి" అన్నారు. అంటే ఈ రోజుకి పాస్‌వర్డ్ ఒక్కటి దొరికితే చాలు, బయటినుంచి లోపలికి వెళ్లిపోవచ్చేమో. ఐదోదాంట్లో రాత్రి బృందాన్ని "కొత్తగా ఏర్పాటు చేయాలి" అన్నారు. అంటే అర్ధరాత్రి ఏదైనా జరిగితే తెల్లారేదాకా ఎవరూ చూడకపోవచ్చు.

సంస్థల కంప్యూటర్ భద్రతలో లోపాలు వెతకడం నా పని. అందుకే ప్రకటన చేతికి రాగానే ముందు క్రియలు చూస్తాను. వెర్షన్ నంబర్లు ఏముందో చెబుతాయి. క్రియలు ఏం లేదో చెబుతాయి. "మార్చాలి", "ప్రవేశపెట్టాలి", "ఏర్పాటు చేయాలి" అన్న ప్రతిచోటా ఒక ఖాళీ ఉన్నట్టే. అదే ప్రకటన నెలల తరబడి మళ్లీ మళ్లీ వస్తోందంటే ఆ పనికి ఇంకా మనిషి దొరకలేదని, ఖాళీ అలాగే ఉందని అనుమానించాలి.

ఇక చివరి వాక్యం, హెచ్‌ఆర్ ఈమెయిల్. ఆ చిరునామాలో పేరు, ఇంటిపేరు ఏ వరుసలో ఉన్నాయో చూస్తే మిగతా ఉద్యోగుల చిరునామాలు కూడా ఊహించవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు పంపిన ఫైళ్లు తెరవడమే ఆ అధికారి రోజువారీ పని. దరఖాస్తు ముసుగులో వైరస్ పంపేవాడికి అంతకంటే సులువైన దారి ఉండదు. అందులో ఆ అధికారి తప్పేమీ లేదు. ఆ కంప్యూటర్‌ను మిగతావాటి నుంచి వేరుగా ఉంచాల్సిన బాధ్యత సంస్థది.

ఇలా అందరికీ అందుబాటులో ఉన్న సమాచారాన్ని ఏరి, ఒకదానితో ఒకటి పోల్చి, అర్థం తీయడాన్నే ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అంటారు. మా వాళ్లు ముద్దుగా ఓసింట్ అంటారు. పోల్చడం అన్నమాట గట్టిగా పట్టుకోండి. ఒక్క ప్రకటన చూసి నిర్ధారణకి రాకూడదు. పాత ప్రకటననే కాపీ కొట్టి తేదీ మార్చి ఉండొచ్చు. ఆ సర్వర్లు ఎప్పుడో మార్చేసి ఉండొచ్చు. అందుకని రెండో సాక్ష్యం వెతకాలి.

ఆ సాక్ష్యం తరచుగా సర్టిఫికెట్ల చిట్టాలో దొరుకుతుంది. వెబ్‌సైట్ చిరునామా పక్కన తాళం గుర్తు చూసే ఉంటారు. దాని వెనక, ఆ సైట్ ఆ చిరునామాకు చెందినదేనని చెప్పే ఒక సర్టిఫికెట్ ఉంటుంది. బ్రౌజర్లు నమ్మే జారీ సంస్థల నుంచి తీసుకున్న సర్టిఫికెట్లు దాదాపు అన్నీ బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతాయి. 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ కొత్త సర్టిఫికెట్లకు ఈ షరతు పెట్టింది. దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి పుట్టిన మంచి ఏర్పాటు ఇది. కానీ crt.sh అనే సైట్‌లో సంస్థ డొమైన్ పేరు కొడితే, ఆ సంస్థ తీసుకున్న సర్టిఫికెట్లలోని పేర్లు వరుసగా వచ్చేస్తాయి. వాటిలో `vpn-old` అనో, `payroll-test` అనో కనిపిస్తే ప్రకటనలోని మాటకి బలం వస్తుంది. ఈ చిట్టాలో రాసింది చెరపడానికి వీలుండదు. అలా వీల్లేకుండానే దాన్ని తయారుచేశారు.

ఇక్కడిదాకా మనం ఆ సంస్థ సర్వర్‌ను ముట్టుకోలేదు. ఈ గీత చాలా ముఖ్యం. ఆ `vpn-old` పేజీని తెరిచామంటే వాళ్ల సర్వర్ తలుపు దగ్గరికి వెళ్లినట్టే. ఊహించిన పాస్‌వర్డ్ కొట్టి చూశామంటే, "ఊరికే చూశానండీ" అన్నా అది చొరబాటు ప్రయత్నమే. అందుకే సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఆ పని చేయను. ఏ డొమైన్లు చూడాలి, ఏ తేదీల మధ్య చూడాలి, ప్రమాదకరమైనది కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఆ కాగితంలో ఉండాలి. ఉద్యోగుల కుటుంబ ఫోటోల జోలికి, పిల్లల జోలికి అసలు వెళ్లకూడదు. అవి కూడా బహిరంగంగానే దొరుకుతాయి కదా అంటారు కొందరు. దొరికినంత మాత్రాన మనం తవ్విపోసుకోవాల్సినవి కావు అవి.

నివేదికలో కూడా ఖచ్చితంగా ఉండాలి. "మీ వీపీఎన్‌కు ఓటీపీ లేదు" అని రాయకూడదు. "ఫలానా తేదీన ఫలానా ప్రకటనలో ఈ వాక్యం చూశాను, దీన్నిబట్టి ఓటీపీ లేదని బయటివాళ్లు అనుకునే వీలుంది, మీరు సరిచూసుకోండి" అని రాయాలి.

మరి ప్రకటన ఎలా రాయాలి? అభ్యర్థికి పని ఏమిటో తెలియాలి కదా. తెలియాలి, కాదనను. దాచి దాచి రాస్తే సరైన మనిషి దొరకడు. అదే ప్రకటనను ఇలా మార్చి చూడండి. "విండోస్ సర్వర్ల నిర్వహణలో 5 ఏళ్ల అనుభవం ఉండాలి. పెద్ద వ్యవస్థల అప్‌గ్రేడ్‌లు, లాగిన్ భద్రత, అలర్టుల పర్యవేక్షణ తెలిసి ఉండాలి. దరఖాస్తులు వెబ్‌సైట్‌లోని ఫారం ద్వారా పంపండి." పని తెలిసినవాడికి ఇది చాలు. ఏ వెర్షన్ ఉంది, ఏ పని ఆగిపోయింది అన్నవి చివరి ఇంటర్వ్యూలో, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పవచ్చు.

హెచ్‌ఆర్ వాళ్లు ప్రకటన విడుదల చేసేముందు సెక్యూరిటీ చూసే ఒక్కరికి చూపిస్తే చాలు. ఆయన రెండే రెండు వెతకాలి. వెర్షన్ నంబర్ ఉందా? ఇంకా జరగని పనిని చెప్పే క్రియ ఉందా? ఉంటే గీత గీసి వెనక్కి పంపాలి.

ఇప్పటికే బయటికి వెళ్లిపోయిన ప్రకటనల సంగతి వేరు. మీ సైట్‌లో తీసేసినా ఉద్యోగాల సైట్లలో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటి కాపీలు ఉండిపోవచ్చు. తీసేయండి, కానీ తీసేశాం కదా అని ఊరుకోవద్దు. ఆ సమాచారం చేరాల్సిన వాడికి చేరిపోయిందనే అనుకుని పని మొదలుపెట్టండి. మన ఉదాహరణలోనైతే ముందు వీపీఎన్‌కు ఓటీపీ పెట్టాలి. కొత్త ఉద్యోగి వచ్చేదాకా ఆగకుండా, ఉన్నవాళ్లతోనే, అడ్మిన్ ఖాతాలతో మొదలుపెట్టి. సర్వర్ల మార్పిడికి సమయం పడుతుంది కాబట్టి, ఈలోగా ఆ పాత సర్వర్లు నేరుగా ఇంటర్నెట్‌కు కనిపించకుండా చూడాలి.

నమస్కారం.