ఆఫర్ లెటర్‌లో జీతం అంకె కింద ఏముంది?

[స్క్రీన్ మీద: పాత పే స్లిప్, కొత్త ఆఫర్ లెటర్ పక్కపక్కన]

నమస్తే. ఒక కేసు తీసుకుందాం. పుత్తూరు అమ్మాయి, వయసు 25. డిప్లొమా చేసి, మూడేళ్లుగా శ్రీసిటీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తోంది. గ్రాస్ 20,500, అందులో బేసిక్ 15,000. ఇప్పుడు శ్రీపెరంబుదూరు కంపెనీ ఒకటి 28,000 ఇస్తానంటోంది, బేసిక్ 18,000. ఏడున్నర వేలు ఎక్కువ. నన్నడిగితే వెళ్లమనే అంటాను. కాకపోతే రాజీనామా మెయిల్ పెట్టేలోపు పాత పే స్లిప్‌లో రెండు లైన్లు చూడాలి.

[పే స్లిప్‌లో ఈఎస్ఐ 154 మీద జూమ్]

మొదటిది ఈఎస్ఐ. నెలకు ఆమె వాటా 154 రూపాయలే. ఆ చిన్న మొత్తానికి ఆమెతోపాటు ఆమె మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ వైద్యం అందుతోంది. నాన్నకు షుగర్ ఉంది, మందులు అక్కడివే. అయితే ఈఎస్ఐ 21,000 లోపు జీతానికే. 28,000 జీతంతో కొత్త కంపెనీలో చేరితే అక్కడ ఈఎస్ఐ ఉండదు. పాతది ఆ రోజే ఆగిపోదు, కట్టిన కాలాన్ని బట్టి కొన్ని నెలలు నడుస్తుంది. ఆ తర్వాత?

కొత్త కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తుంది. బాగుంది. కానీ చాలా కంపెనీల పాలసీలో ఉద్యోగి, భార్య లేదా భర్త, పిల్లలు మాత్రమే ఉంటారు. అందుకే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న 'ఇన్సూరెన్స్ ఉందా' అని కాదు, 'తల్లిదండ్రులను చేర్చుకోవచ్చా, ప్రీమియం ఎవరు కట్టాలి' అని. చేర్చకపోతే నాన్నకు విడిగా పాలసీ తీసుకోవాలి. అందులో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం, పెట్టొచ్చు. షుగర్ సంగతి దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ రోజున తిప్పి పంపుతారు. ఈ ఖర్చు తీసేశాక మిగిలేదే ఆమెకు నిజంగా పెరిగిన జీతం. కాలు విరిగితే పుత్తూరు కట్టు ఉంది సరే, అపెండిక్స్‌కు కట్టు లేదు కదా!

గ్రూప్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. అందుకని 25 ఏళ్లకు, ఏ జబ్బూ లేనప్పుడే తన పేరున చిన్న హెల్త్ పాలసీ ఒకటి తీసుకుంటే ఆ వెయిటింగ్ కాలం ఇప్పుడే గడిచిపోతుంది. మళ్లీ ఉద్యోగం మారాలన్నా, ఆర్నెల్లు ఆగి ఏదైనా కోర్సు చేయాలన్నా భయముండదు. మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే టర్మ్ పాలసీ మాత్రం ఇల్లు ఆమె జీతం మీద నడుస్తుంటేనే అవసరం.

[పే స్లిప్‌లో పీఎఫ్ 1,800 మీద జూమ్]

రెండోది పీఎఫ్. ఆమె జీతంలోంచి 1,800 కట్ అవుతుంది. కంపెనీ కూడా 1,800 వేస్తుంది కానీ అందులో 1,250 పింఛన్ పథకానికి వెళ్లి, 550 పీఎఫ్‌లో చేరుతుంది. అంటే నెలకు 2,350. మూడేళ్లకు వడ్డీతో కలిపి సుమారు 95,000.

ఇక్కడే రూమ్మేట్ సలహా వస్తుంది: 'తీసేయ్, కొత్త ఊళ్లో అడ్వాన్స్‌కు పనికొస్తుంది.' మొత్తం తీసుకోవడం అసలు ఉద్యోగం లేనివాళ్లకే. మధ్యలో గ్యాప్ వచ్చి తీశారనుకోండి, సర్వీసు 5 ఏళ్లు నిండలేదు, మొత్తం 50,000 దాటింది కాబట్టి ప్యాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్. అదే 95,000 కదిలించకుండా 58 ఏళ్ల దాకా ఉంచితే, ఇప్పుడున్న 8.25 శాతం లెక్కన 13 లక్షల దాకా అవుతుంది. వడ్డీ ఏటా ప్రకటిస్తారు, 7 శాతానికి పడిపోయినా దాదాపు 9 లక్షలు. అప్పటి ధరల ముందు అదేమీ పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ఇది మొదటి మూడేళ్ల డబ్బు మాత్రమే.

పింఛన్ సంగతి ఇంకా ముఖ్యం. దానికి కనీసం 10 ఏళ్ల సర్వీసు కావాలి. ఆ డబ్బు కూడా తీసేస్తే మూడేళ్లూ సున్నా. పైగా కొత్త బేసిక్ 15,000 దాటింది కాబట్టి పింఛన్ పథకంలో మళ్లీ చేరే దారి కూడా మూసుకుపోతుంది. తీయకుండా వెళితే పాత సభ్యత్వం అలాగే కొనసాగుతుంది.

[స్క్రీన్ మీద: EPFO పోర్టల్]

మరి చేయాల్సిందేంటి? చేరే రోజు ఇచ్చే ఫారం 11లో పాత UAN, అంటే కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్, రాయాలి. రాయకపోతే రెండో UAN పుట్టే ప్రమాదం ఉంది, తర్వాత తిరగలేక చస్తాం. డబ్బు దానంతటదే కదలకపోతే Online Services లో One Member – One EPF Account కింద రిక్వెస్ట్ పెట్టాలి. అది ఆగిందంటే సాధారణంగా కారణాలు రెండు. పాత కంపెనీ చివరి తేదీ ఎక్కించకపోవడం ఒకటి. చివరి నెల పీఎఫ్ పడి రెండు నెలలు దాటితే Mark Exit లో మనమే వేసుకోవచ్చు. రెండోది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పీఎఫ్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. అది రాజీనామాకు ముందే, పాత హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తే రోజుల్లోనే సరిచేయించుకోవాలి.

నామినీ కూడా చూడండి. పీఎఫ్ ఉన్నవాళ్లకు ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరిగితే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల బీమా ఉంటుంది. పెళ్లయితే పాత నామినేషన్ చెల్లదు, కొత్తగా పెట్టాలి.

బదిలీ అయిందో లేదో తెలియాలంటే కొత్త మెంబర్ ఐడీ పాస్‌బుక్ తెరవండి. పాత మొత్తం అక్కడ జమ కనిపించాలి. తర్వాత Service History లో శ్రీసిటీ కంపెనీ చేరిన తేదీ, వదిలిన తేదీ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.