ఏసీ గది ఒకరిది, కరెంటు బిల్లు నలుగురిది

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడేది ఫ్లాట్ షేర్ చేసుకునేవాళ్ల బిల్లుల గురించి. మనతో ఉన్న అక్క హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు చూస్తారు. అద్దెకున్న పిల్లల మధ్య ఈ గొడవలు చాలాసార్లు తీర్చారు. అక్కా, ఫ్లాట్‌కి మీటరు ఒక్కటే, ఉండేది నలుగురు. సమానంగా పంచుకుంటే పోదా?

అతిథి: శీతాకాలంలో పోతుంది తమ్ముడూ. ఎండాకాలంలో ఒక గదిలో ఏసీ ఆన్ అయ్యాక మాత్రం కుదరదు. ఒక లెక్క చెప్తాను. నలుగురున్న ఫ్లాట్, ఒక్క గదిలోనే ఏసీ, అందులో ఒక్కడే ఉంటాడు. ఏప్రిల్ బిల్లు 420 యూనిట్లు వచ్చింది. అందులో ఏసీ తిన్నది 240. ఫ్రిజ్, ఫ్యాన్లు, గీజరు, మోటారు లాంటివన్నీ కలిపి 180.

హోస్ట్: అంటే 240 యూనిట్ల డబ్బు ఏసీ అతను కట్టి, మిగతాది నలుగురూ పంచుకుంటారు. అంతే కదా?

అతిథి: యూనిట్లు తేలిపోయాయి సరే, యూనిట్ ఎంతకు లెక్కేస్తావు? గొడవంతా అక్కడే. తెలంగాణ టారిఫ్‌లో నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. 200 దాటిందంటే కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు కూడా 5 రూపాయల 10 పైసలు పడుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆ తర్వాత 800 దాకా 9.50.

హోస్ట్: అంటే దాటిన యూనిట్లకే కాదు, వెనక వాడినవాటికి కూడా రేటు పెరుగుతుందన్నమాట.

అతిథి: అవును. సరిగ్గా 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201కి దాదాపు 1,028. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైమాటే. విజయవాడ, విశాఖల్లో ఈ దూకుడు ఉండదు, అక్కడ స్లాబు దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు వేస్తారు. ఇప్పుడు మన ఫ్లాట్‌కి వద్దాం. 420 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ 2,880 రూపాయలు. ఏసీయే లేకపోతే 180 యూనిట్లకు 724తో పోయేది.

హోస్ట్: తేడా 2,156 రూపాయలు! అది మొత్తం ఏసీ వల్ల వచ్చిందే కదా?

అతిథి: ఆ ముగ్గురూ అదే అంటారు. ఏసీ అతను ఇంకో లెక్క చెప్తాడు: 2,880ని 420తో భాగిస్తే యూనిట్ 6 రూపాయల 86 పైసలు, నా 240కి 1,646 ఇస్తాను అని. అప్పుడు కామన్ వాడకానికి 1,234 మిగులుతుంది. 724 కావాల్సింది 1,234 అయింది. అంటే తగాదా నిజానికి ఆ 510 రూపాయల మీదే.

హోస్ట్: మరి ఎవరిది న్యాయం?

అతిథి: ముందు నేనూ ముగ్గురి పక్షమే. వాళ్లు ఎప్పటిలాగే వాడుకున్నారు, రేటు మాత్రం పెరిగింది. కానీ అతని మాటా వినాలి. అతనే ఒంటరిగా ఇల్లు తీసుకుని ఈ ఏసీ 240, కామన్‌లో తన వాటా 45 యూనిట్లు కాల్చి ఉంటే 1,675 లోపే అయ్యేది. ఇక్కడ 2,156, దాని మీద కామన్ వాటా 181 కట్టమంటే 2,337. నలుగురి వాడకం ఒకే మీటరు మీద పడటం వల్ల అతనికీ నష్టమే. అందుకని నేను ఆ 510ని సగం చేయిస్తాను. సగం ఏసీ అతనిది, సగం నలుగురిది. అప్పుడు అతను 2,146 కడతాడు, మిగతా ముగ్గురూ తలా 245. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, డ్యూటీ వేరు. అవి చిన్న మొత్తాలు, సమానంగా వేసుకోవచ్చు.

హోస్ట్: ఎప్పుడైనా ఇలాగే చేయొచ్చా?

అతిథి: ఏసీ లేకుండానే కామన్ వాడకం 200 దాటేస్తుంటే ఇంత తిప్పలు అక్కర్లేదు. కేటగిరీ ముందే మారిపోయింది కదా, దాన్ని ఏసీ మీద వేయలేం. అప్పుడు సగటు రేటు చాలు.

హోస్ట్: ఏసీ 240 తిన్నదని ఎలా తెలుస్తుంది?

అతిథి: ఏసీ లైనులో సబ్ మీటరు పెట్టించాలి. ఎలక్ట్రీషియన్ ఏసీ ఎంసీబీ పక్కనే బిగిస్తాడు, యజమానికి ముందే చెప్పండి. రీడింగ్ మాత్రం మెయిన్ మీటరు రీడింగ్ తీసిన రోజే తీయాలి. బిల్లు మీద ఆ తేదీ ఉంటుంది. అయిదు రోజులు ఆలస్యమైతే ఎండాకాలంలో నలభై యూనిట్లు అటూఇటూ అయిపోతాయి, ఎవరూ తప్పు చేయకపోయినా అనుమానాలు మొదలవుతాయి.

హోస్ట్: సబ్ మీటరు తప్పు చూపిస్తే?

అతిథి: ఒక రాత్రి మిగతా ఎంసీబీలన్నీ దించేసి ఏసీ ఒక్కటే నడపండి, ఫ్రిజ్‌ని ముందే ఖాళీ చేసుకుని. పొద్దున రెండు మీటర్లలో పెరిగిన యూనిట్లు దాదాపు ఒకటే ఉండాలి. ఇంకోటి కూడా చూసుకోవచ్చు. మొత్తంలోంచి ఏసీ తీసేస్తే మిగిలేది ఫిబ్రవరి బిల్లుకు దగ్గరగా ఉండాలి. ఫ్యాన్లు పెరుగుతాయి, గీజరు తగ్గుతుంది, అంతే తేడా.

హోస్ట్: యజమాని ఒప్పుకోకపోతే వాట్లు, గంటలు గుణిస్తే పోదా?

అతిథి: ఇన్వర్టర్ ఏసీకి ఆ లెక్క పనికిరాదు. ఒకటిన్నర టన్నుది 1,600 వాట్లు అని ప్లేటు మీద ఉందనుకో. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున ముప్పై రోజులకు 384 యూనిట్లు తేలతాయి. కానీ గది చల్లబడ్డాక కంప్రెసర్ నెమ్మదిస్తుంది, అంత తినదు. గుణించి తీసుకుంటే అతన్ని ముంచినట్టే. దానికన్నా ఏసీ వాడని నెల బిల్లుతో పోల్చి, తేడాని ఏసీ కింద వేసుకోవడం నయం.

హోస్ట్: నీళ్ల సంగతి?

అతిథి: నీళ్లకు మనుషులు, రోజులు చూడాలి. నలుగురిలో ఒకరు పది రోజులు ఊరెళ్తే ఆ నెల 120కి బదులు 110 మనిషి-రోజులు. ట్యాంకర్ల డబ్బు ఆ 110 మీద వేసి, ఎవరున్న రోజులకు వాళ్లు కట్టాలి. వారం ఉన్న చుట్టాన్ని పిలిచినవాళ్ల ఖాతాలో వేయాలి. మెయింటెనెన్స్‌లో నీళ్లు కలిపేసి ఫ్లాట్‌కి ఇంత అని తీసుకుంటే మాత్రం రోజులు లెక్కపెట్టడం దండగ, ఎవరున్నా లేకపోయినా ఆ డబ్బు మారదు.

హోస్ట్: ఇంటర్నెట్ కూడా అలాంటిదే కదా?

అతిథి: అవును, అది నెలకు ఒకటే రేటు. ఊరెళ్లినా సమానంగా కట్టాల్సిందే. ఇంట్లోంచి పని కోసం ఒకరు పెద్ద ప్లాన్ కావాలంటే, పాత ప్లాన్‌కీ దీనికీ ఉన్న తేడా వాళ్లే పెట్టుకోవాలి.

హోస్ట్: నెల మధ్యలో ఒకరు ఖాళీ చేస్తే?

అతిథి: వెళ్లే రోజు రెండు మీటర్లకూ ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. బిల్లు రాకముందే రేటు కట్టేసి సెటిల్ చేసుకోవద్దు, అప్పటికి యూనిట్లు 200 దాటతాయో లేదో ఎవరికీ తెలియదు. అడ్వాన్సులోంచి కొంత ఆపి, బిల్లు వచ్చాక లెక్క చూసి మిగిలింది పంపించేయాలి.