మీకు గుర్తున్న షోలో స్పాన్సర్ ఎక్కడున్నాడు? కాగితం, పెన్నుతో పట్టుకుందాం

నమస్కారం అండి, వైజాగ్ నుంచి. ఈరోజు ఏదో ఒక టీవీ షో ఎపిసోడ్ ముందు పెట్టుకుని, డబ్బు పెట్టినవాడి చెయ్యి అందులో ఎక్కడెక్కడ పడిందో వెతకడం నేర్చుకుందాం. కావలసింది ఒక ఎపిసోడ్, ఒక తెల్లకాగితం, ఒక పెన్ను. కాగితాన్ని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడికి ‘పేరు’, రెండోదానికి ‘కనిపించింది’, మూడోదానికి ‘కనిపించనిది’ అని రాయండి. మొదటి రెండూ ఇట్టే నిండిపోతాయి. మూడో గడి దగ్గరే అసలు పని ఉంది, మనం ఎక్కువసేపు ఆగేదీ అక్కడే.

(స్క్రీన్ మీద: మూడు గళ్ల కాగితం, మొదటి గడి దగ్గరగా)

ముందు పేరు. 90ల్లో కేబుల్ వచ్చిన ఇళ్లలో పెరిగినవాళ్లని అడిగి చూడండి. ‘క్లోజప్ అంత్యాక్షరి’ అంటారు, ‘బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్’ అంటారు. క్లోజప్ అనేది టూత్‌పేస్ట్ అని గుర్తు చేస్తే ఒక్క క్షణం ఆగి నవ్వుతారు. అంతగా కలిసిపోయింది పేరులో.

ఈ పద్ధతి మన దగ్గర ఎలా నిలబడిందో రెండు మాటల్లో చెప్తాను. దూరదర్శన్‌లో ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. 1984లో ‘హమ్ లోగ్’ వచ్చినప్పుడు దాని వెనక స్పాన్సర్‌గా మ్యాగీ నిలబడింది. అప్పటికి మ్యాగీ మన దేశానికి కొత్త. ఆ తర్వాత ప్రైవేటు నిర్మాతలకు ఒక లెక్క స్థిరపడింది. నిర్మాత దూరదర్శన్‌కి టెలికాస్ట్ ఫీజు కడతాడు, బదులుగా కొన్ని సెకన్ల ప్రకటన సమయం అతనికి దక్కుతుంది. దాన్నే ఎఫ్‌సీటీ అంటారు, అంటే ఫ్రీ కమర్షియల్ టైమ్. ఆ సెకన్లు అమ్ముకుంటేనే సీరియల్ ఖర్చు వెనక్కి వస్తుంది. అందుకే కథ రాసుకోకముందే స్పాన్సర్‌ని వెతుక్కునేవాళ్లు. ‘ఈ కార్యక్రమ ప్రాయోజకులు...’ అని వినిపించే ఆ గొంతు వెనక ఉన్నది ఈ లెక్కే.

మొదటి గడిలో స్పాన్సర్ పేరు రాసి, పక్కనే ఇంకో చిన్న ప్రశ్న రాసుకోండి. ఈ సరుకు కొనేది ఎవరు? ఆ కొనేవాళ్లే షోలో ఉన్నారా? బోర్న్‌విటా క్విజ్‌లో కూర్చున్నది యూనిఫాం వేసుకున్న బడి పిల్లలు. ఆ డబ్బా తెరిచేది వాళ్లమ్మలు. క్విజ్ పెద్దవాళ్లకూ పెట్టొచ్చు కదా. ఈ క్విజ్‌కి పిల్లలే ఎందుకు కావాల్సి వచ్చారో విడిగా చెప్పక్కర్లేదు.

ఇక రెండో గడి, కనిపించింది. ఇక్కడ పరిశ్రమలో వాళ్లు వాడే మాటలు కొన్ని తెలిస్తే రాసుకోవడం తేలిక. తెర కింద అడ్డంగా వచ్చి పోయే పట్టీ ఆస్టన్ బ్యాండ్. షో కాస్త కుంచించుకుని, కిందా పక్కనా ఇంగ్లిష్ ఎల్ అక్షరంలాగా ప్రకటన వస్తే అది ఎల్-బ్యాండ్. యాంకర్ నోటితో చెప్పిస్తే యాంకర్ మెన్షన్. సరుకు సెట్‌లోనో కథలోనో ఉంటే ఇంటిగ్రేషన్. 2002లో మొదలైన ‘అమెరికన్ ఐడల్’ జడ్జీల ముందు కోకకోలా గ్లాసులు ఉండేవి. మన పాటల పోటీల్లో జడ్జీల బల్ల మీద కప్పు లోగో కెమెరా వైపే ఎందుకు తిరిగి ఉంటుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మన వైజాగ్ వాళ్లకి ఇది కొత్త కూడా కాదు. లోకల్ కేబుల్ చానెల్‌లో సినిమా వేస్తే క్లైమాక్స్ ఫైటింగ్ కింద జగదాంబ దగ్గరి చీరల షాపు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ పరుగులు పెడుతూ ఉండేవి. నిజానికి 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో దీనికి అడ్డు ఉంది. ప్రకటన కార్యక్రమం నుంచి స్పష్టంగా వేరుగా తెలియాలి, తెర కింది భాగంలో అక్షరాలు నడిపించి కార్యక్రమానికి అడ్డు రాకూడదు అని రాసే ఉంది. ఎంతవరకు పాటిస్తున్నారో ఈ రాత్రి ఏ చానెల్ పెట్టినా కనిపిస్తుంది.

సరే, రెండో గడి చాలు. కెమెరా ముందు పెట్టిన కప్పు వల్ల షో పెద్దగా మారిపోదు. షోని మార్చేది మూడో గడిలో ఉంది.

(స్క్రీన్ మీద: మూడో గడి)

స్పాన్సర్ వల్ల ఏం రాలేదు, ఏం ఆగిపోయింది? ఒకే కంపెనీ మొత్తం షోకి డబ్బు కట్టిన చోట ఇది బాగా తెలుస్తుంది. 1950ల అమెరికా టీవీ అంతా దాదాపు అలాంటిదే. 1949 నుంచి 1956 వరకు ఎన్‌బీసీలో రాత్రి వార్తల పేరు ‘క్యామెల్ న్యూస్ క్యారవాన్’. క్యామెల్ అంటే సిగరెట్. ఆ వార్తల్లో ‘పొగ తాగరాదు’ అనే బోర్డు ఉన్న దృశ్యం రాకూడదు. చుట్ట తాగే మనిషినీ చూపించకూడదు. ఒక్క చర్చిల్‌కి మినహాయింపు ఇచ్చారు. చుట్ట లేని చర్చిల్ దొరకడు కదా మరి!

ఇంకొకటి దీనికన్నా దారుణం. 1959లో సీబీఎస్ వాళ్ల ‘ప్లేహౌస్ 90’లో నాజీల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణల గురించి నాటకం వేశారు. స్పాన్సర్లలో ఒకరు అమెరికన్ గ్యాస్ అసోసియేషన్, ఇళ్లకు వంట గ్యాస్ అమ్మే కంపెనీల సంఘం. యూదుల్ని చంపిన గ్యాస్ గదుల ప్రస్తావన వచ్చిన చోట ‘గ్యాస్’ అన్న మాట వినపడకుండా శబ్దం ఆపేశారు. నటుడి పెదవులు కదులుతాయి, మాట రాదు. ఇలా శబ్దం పోవడం పట్టుకోవడానికి సులువైన గుర్తు. చాలాసార్లు ఇంత గుర్తు కూడా మిగలదు.

గుర్తు మిగలని కేసు ఒకటి వివరంగా చూద్దాం. ‘ద 64,000 డాలర్ క్వశ్చన్’ అనే క్విజ్ 1955 జూన్‌లో సీబీఎస్‌లో మొదలైంది. డబ్బు పెట్టింది లిప్‌స్టిక్‌లు అమ్మే రెవ్లాన్. 64 డాలర్ల ప్రశ్నతో మొదలై మొత్తం దాదాపు రెట్టింపవుతూ పోతుంది. 4,000 దాటాక వారానికి ఒకే ప్రశ్న. పోటీదారు ఇంటికెళ్లి, ఆడాలా, ఉన్నది తీసుకుని ఆగిపోవాలా అని వారమంతా తేల్చుకోవాలి. దేశమంతా అతనితో పాటు టెన్షన్ పడుతుంది. ప్రశ్నలు బ్యాంకు లాకర్‌లో ఉంటాయని, వాటిని బ్యాంకు అధికారే తెస్తాడని చూపించేవాళ్లు. పెద్ద మొత్తాల దగ్గర పోటీదారుని అద్దాల గదిలో నిలబెట్టేవాళ్లు.

ఇందులో స్పాన్సర్‌కి దక్కేదేంటో చూడండి. ఒక మనిషి జనానికి నచ్చితే ఆ మనిషి కోసం వారం వారం తిరిగొస్తారు, ప్రతి వారం లిప్‌స్టిక్ ప్రకటన చూస్తారు. రెవ్లాన్ అమ్మకాలు ఎంత పెరిగాయంటే, పోటీ కంపెనీ హేజెల్ బిషప్ ఆ ఏడాది తన నష్టానికి కారణం చెప్తూ వార్షిక నివేదికలో ఆ టీవీ షోని ప్రస్తావించింది. అలాంటప్పుడు ఏ పోటీదారు నిలబడాలి, ఎవరు దిగిపోవాలి అన్నది రెవ్లాన్‌కి వ్యాపార విషయం అయిపోయింది. వారం వారం నిర్మాతలతో మీటింగులు జరిగేవి. ఎవరు జనానికి పడుతున్నారు, ఎవరు పడట్లేదు అన్నది అక్కడ మాట్లాడేవాళ్లు. పడనివాళ్లకి కష్టమైన ప్రశ్న, పడేవాళ్లకి వాళ్లకి తెలుసని ముందే తేలిన ప్రశ్న. 1959లో అమెరికా కాంగ్రెస్ విచారణలో ఇదంతా బయటికొచ్చింది.

జాయిస్ బ్రదర్స్ అనే సైకాలజిస్టు విషయం అందులో నాకు బాగా ఇష్టం. ఆమె ఎంచుకున్న అంశం బాక్సింగ్. ఆమె స్పాన్సర్‌కి నచ్చలేదు. దింపేయడానికి బాక్సర్ల గురించి కాకుండా రిఫరీల గురించి అడిగారు. ఆమె వాటినీ చదివేసి ఉంది! 1955 డిసెంబర్‌లో 64,000 డాలర్లూ గెలిచింది. జనానికి గుర్తున్నది బాక్సింగ్ తెలిసిన ఆడమనిషి గెలిచిన ముచ్చట. ఆ ప్రశ్నలు అంత వంకరగా ఎందుకున్నాయన్నది మాత్రం మన మూడో గడిలోకి వస్తుంది.

క్విజ్‌ల గొడవ బయటపడ్డాక అమెరికా నెట్‌వర్కులు కార్యక్రమాల పగ్గాలు తమ చేతిలోకి తీసుకున్నాయి. ఒకే కంపెనీకి షో అప్పగించడం తగ్గి, చాలామందికి సెకన్ల లెక్కన సమయం అమ్మడం పెరిగింది. సోడా కంపెనీ, కారు కంపెనీ, సబ్బు కంపెనీ ఒకే షోలో ఉంటే ఏ ఒక్కరి మాటా పూర్తిగా చెల్లదు. అందుకే మూడో గడి నింపేటప్పుడు మొదట చూడాల్సింది స్పాన్సర్ ఒక్కడా, పదిమందా అని.

ఇప్పుడు మన ఇంట్లో ప్రయత్నిద్దాం. వంటనూనె కంపెనీ స్పాన్సర్ చేసిన వంటల షో ఏదైనా ఉందనుకోండి. మొదటి గడి: నూనె పేరు. రెండో గడి: స్టవ్ పక్కన ప్యాకెట్, యాంకర్ ‘రెండు గరిటెలు వేసుకుందాం’ అంటున్నప్పుడు కెమెరా ప్యాకెట్ మీదికి రావడం. మూడో గడికి ఒక్క ఎపిసోడ్ సరిపోదు. వరుసగా వచ్చిన ఎపిసోడ్లలో వంటల పేర్లన్నీ జాబితా రాయండి. బెండకాయ వేపుడు, పునుగులు, పకోడీ, చేపల వేపుడు ఉంటాయి. ఇడ్లీ ఉందా? కుడుములు ఉన్నాయా? మన అరకు బొంగు చికెన్ ఉందా? మసాలా పట్టించిన కోడి ముక్కల్ని వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క పడదు. అరకు పేరు చెప్తే టూరిస్టులు ముందు అడిగేది అదే. నూనె స్పాన్సర్ ఉన్న షోలో అది రాకపోతే రాసుకోండి. వచ్చిందనుకోండి, యాంకర్ మసాలాలో నూనె కలిపిందేమో చూడండి.

ఇక్కడ తొందరపడకండి. బొంగు చికెన్ లేకపోవడానికి స్టూడియోలో నిప్పుల కుంపటి పెట్టలేకపోవడం కూడా కారణం కావచ్చు. ఇడ్లీ వండటం తెర మీద చూడ్డానికి బోరు అన్నదీ నిజమే. తేల్చుకోవాలంటే స్పాన్సర్ మారిన చోట చూడాలి. అదే షో, అదే యాంకర్, నూనె కంపెనీ పోయి మిక్సీ కంపెనీ వచ్చింది. మార్పుకి ముందు ఎపిసోడ్ల జాబితా ఒకటి, తర్వాత జాబితా ఒకటి పక్కపక్కన పెట్టండి. వేపుళ్లు తగ్గి పచ్చళ్లు, చట్నీలు, గారెల పిండి రుబ్బడాలు పెరిగితే మీ అనుమానం నిలబడినట్టే. జాబితా మారకపోతే మూడో గడిలో రాసింది కొట్టేయండి, అక్కడ స్పాన్సర్ పాత్ర లేదు.

(స్క్రీన్ మీద: పక్కపక్కన రెండు జాబితాలు)

స్పాన్సర్ మారిన తేదీ తెలియకపోతే పాత ఎపిసోడ్ల టైటిల్ కార్డులు వరుసగా చూస్తూ వెళ్లండి. షో పేరు ముందున్న మాట మారిన ఎపిసోడే మీ రెండు జాబితాల మధ్య గీత.