తొమ్మిది గంటల బ్యాచ్‌కు సర్వర్ ఎంత ఉండాలి? నల్లగొండ ల్యాబ్‌లో వేసిన లెక్క

[దృశ్యం: ఉదయం, నల్లగొండ గడియారం సెంటర్. బస్సు దిగి నడుస్తున్న విద్యార్థులు. తర్వాత కంప్యూటర్ ల్యాబ్, వరుసగా నల్లని తెరలు.]

ఉదయం తొమ్మిది గంటలు. దేవరకొండ నుంచి, నకిరేకల్ నుంచి వచ్చినవాళ్లు కూర్చున్నారు. నలభై ఎనిమిది మందీ ఒకేసారి పాస్‌వర్డ్ కొట్టారు. తెరల మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. చివరి విద్యార్థికి డెస్క్‌టాప్ కనిపించేసరికి తొమ్మిదీ ఇరవై. ఆ సర్వర్లు పెట్టింది నేనే. సీపీయూ చూస్తే పదిహేను శాతం కూడా వాడటం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఈ వీడియోలో చెబుతాను.

ముందు ఏర్పాటు ఎలా ఉందో చూద్దాం.

[దృశ్యం: తెల్లబోర్డు. మూడు డబ్బాలు, వాటి కింద ఒక పెద్ద డబ్బా.]

ప్రతి బల్ల మీద ఉన్నది చిన్న థిన్ క్లయింట్ మాత్రమే. అసలు పని సర్వర్‌లో జరుగుతుంది. ఇలా సర్వర్ నుంచే డెస్క్‌టాప్ అందించే పద్ధతిని వీడీఐ అంటారు. వీడీఐ అంటే మనిషికొక వర్చువల్ మెషీన్ అని చాలామంది అనుకుంటారు. ట్యాలీ, ఎక్సెల్ నేర్పే సంస్థకు అంత ఖర్చు దండగ. ఒకే విండోస్ సర్వర్‌లోకి పాతికమంది వచ్చి, ఎవరి తెర వారిదిగా పనిచేసుకోవచ్చు. అలాంటి సర్వర్‌నే సెషన్ హోస్ట్ అంటారు. ఎవరు ఏ హోస్ట్‌లోకి వెళ్లాలో కనెక్షన్ బ్రోకర్ పంచిపెడుతుంది. ఇవాళ ఒక హోస్ట్‌లో కూర్చున్న విద్యార్థి రేపు మరో హోస్ట్‌లో పడవచ్చు. అందుకే అతని ఫైళ్లు, సెట్టింగులు హోస్ట్‌లో ఉండకూడదు, వేరే చోట ఉండాలి. ఆ మూటే ప్రొఫైల్.

ఇక లెక్క. సీట్లు నలభై ఎనిమిది, రోజుకు నాలుగు బ్యాచ్‌లు, మొత్తం విద్యార్థులు 192 మంది. తేలిక పనికి ఒక్కో వర్చువల్ కోర్‌కు ఆరుగురు, మధ్యస్థ పనికి నలుగురు, బరువైన పనికి ఇద్దరు అన్నది మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్రాథమిక కొలత. మనది మధ్యస్థం. ఎనిమిది కోర్ల హోస్ట్ ఒక్కటి ముప్పై ఇద్దరిని మోస్తుంది. రెండు హోస్టులు చాలు కానీ, ఒకటి పడిపోతే సగం తరగతి ఖాళీగా కూర్చోవాలి. అందుకే మూడు పెట్టాం, ఒక్కోదానికి 32 జీబీ మెమరీ. మా దగ్గర కొలిస్తే ఒక్కో విద్యార్థి సెషన్‌కు సుమారు 1 జీబీ పడుతోంది. విండోస్‌కు నాలుగు పక్కన పెట్టాం. మూడూ నడుస్తుంటే ఒక్కో హోస్ట్‌లో పదహారు మంది, అంటే 20 జీబీ. ఒకటి ఆగితే ఇరవై నలుగురు, 28 జీబీ. కాగితం మీద అంతా బాగానే ఉంది.

[దృశ్యం: ఫైల్ సర్వర్ మూత తీసి, లోపలి రెండు హార్డ్ డిస్కులు దగ్గరగా.]

కాగితం మీద లేనిది ఇదిగో, ఇక్కడ ఉంది. ప్రొఫైళ్లన్నీ ఈ ఫైల్ సర్వర్‌లో పెట్టాం. ఎఫ్‌ఎస్‌లాజిక్స్ అనే సాధనం ఒక్కో విద్యార్థి ప్రొఫైల్‌ను ఒక్కో వర్చువల్ డిస్క్ ఫైల్‌గా ఉంచుతుంది. లాగిన్ అయినప్పుడు ఆ ఫైల్ హోస్ట్‌కు అతుక్కుంటుంది. పాత రోమింగ్ ప్రొఫైల్ పద్ధతిలో మూటంతా కాపీ కావాలి, ఇక్కడ ఆ బాధ లేదు. అయినా చదవడం, రాయడం జరిగేది ఈ డిస్కుల మీదనే. మామూలుగా పని చేసుకునేటప్పుడు ఒక మనిషికి సెకనుకు పది చదువు-రాతలు అవసరమని, లాగిన్, లాగౌట్ వేళ యాభై వరకు అవసరమని మైక్రోసాఫ్ట్ అంచనా. నలభై ఎనిమిదిని యాభైతో గుణిస్తే 2400. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు వంద చేస్తే గొప్ప. నేను పెట్టినవి అలాంటివి రెండు, అది కూడా ఒకదానికొకటి నకలుగా! పాఠం నడుస్తున్నప్పుడు కావలసినది 480 మాత్రమే, అదీ అందరూ ఒకే క్షణంలో అడగరు. అందుకే పది గంటలకు ఎవరైనా వచ్చి చూస్తే ఏ లోపమూ కనిపించదు.

ఇది మీ దగ్గరా ఉందో లేదో తెలుసుకోవాలంటే, లాగిన్ వేళ ఫైల్ సర్వర్‌లో పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి ఈ కౌంటర్ చూడండి.

```
\PhysicalDisk(*)\Avg. Disk sec/Read
```

0.020 దాటి అక్కడే నిలబడితే, అంటే ఒక్కో చదువుకు 20 మిల్లీసెకన్లు మించితే, ఆలస్యం డిస్క్‌దే. మా దగ్గర అది 0.4 చూపించింది. రెండు ఎస్‌ఎస్‌డీలు మార్చాం. మర్నాడు తొమ్మిదీ రెండుకల్లా అందరూ లోపల ఉన్నారు. హోస్టులకు కోర్లు పెంచుదామని అప్పటికే కొటేషన్ కూడా తెప్పించాను, సిగ్గుపడాల్సిన విషయమే.

ప్రొఫైల్ సెట్టింగులు ప్రతి హోస్ట్‌లోనూ ఇవి.

```
set K=HKLM\SOFTWARE\FSLogix\Profiles
reg add %K% /v Enabled /t REG_DWORD /d 1
reg add %K% /v VHDLocations /t REG_MULTI_SZ /d \\files01\profiles
reg add %K% /v SizeInMBs /t REG_DWORD /d 5000
reg add %K% /v PreventLoginWithFailure /t REG_DWORD /d 1
```

`SizeInMBs` అన్నది ఒక్కో ప్రొఫైల్ గరిష్ఠ పరిమాణం. వదిలేస్తే అది 30 జీబీ. ఐదు జీబీ పెడితే 192 మందికీ కలిపి 1 టీబీ దాటదు. చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. ప్రొఫైల్ అతుక్కోకపోయినా లాగిన్ కానిస్తే, పిల్లవాడికి ఖాళీ డెస్క్‌టాప్ వస్తుంది. వాడు గంటన్నర కష్టపడి ఎంట్రీలు వేసి దాచుకుంటాడు. మర్నాడు తన ప్రొఫైల్ సరిగ్గా అతుక్కుంటుంది, కానీ నిన్నటి పని అందులో ఉండదు. ఈ సెట్టింగు ఉంటే లాగిన్ అక్కడే ఆగిపోతుంది, వాడు చెయ్యి ఎత్తుతాడు. చెయ్యి ఎత్తితే మనం చూస్తాం.

[దృశ్యం: థిన్ క్లయింట్ స్విచ్ నొక్కి లేచి వెళ్లిపోతున్న విద్యార్థి.]

రెండో చిక్కు పదకొండు గంటల బ్యాచ్‌కు వచ్చింది. తొమ్మిది గంటల వాళ్లలో ఎక్కువమంది సైన్ అవుట్ చేయరు, స్విచ్ ఆపేసి బస్సుకు పరుగెత్తుతారు. తెర ఆగినా సర్వర్‌లో సెషన్ చావదు. హోస్ట్‌లో ఈ ఆదేశం ఇచ్చి చూడండి.

```
quser
```

స్థితి అన్న చోట `Disc` అని ఉన్న పేర్లన్నీ వెళ్లిపోయిన మనుషులవి, మెమరీ మాత్రం వదలలేదు. మన లెక్కలో ఒక్కో హోస్ట్‌లో పదహారు మంది అనుకున్నాం. వెళ్లినవాళ్లు మరో పదహారు కలిస్తే ముప్పై రెండు, విండోస్‌తో కలిపి 36 జీబీ. ఉన్నది 32. సీట్లు లెక్కపెట్టి కొన్నాం, సర్వరేమో రెండు బ్యాచ్‌లను మోస్తోంది.

గ్రూప్ పాలసీలో తెగిన సెషన్‌కు గడువు పెట్టే అంశం ఉంది, సెషన్ టైమ్ లిమిట్స్ విభాగంలో. బ్యాచ్‌ల మధ్య మాకు పది నిమిషాల విరామం, కాబట్టి ఐదు నిమిషాలు పెట్టాం. దీనికి ఒక ఖరీదు ఉంది: గడువు దాటితే సేవ్ చేయని పని పోతుంది. కరెంటు పోయినప్పుడు సర్వర్‌కు యూపీఎస్ ఉన్నా నెట్‌వర్క్ స్విచ్‌కు లేకపోతే, తరగతిలో అందరి సెషన్లూ ఒకేసారి తెగుతాయి. జనరేటర్ ఐదు నిమిషాల్లో అందుకుంటే విద్యార్థి మళ్లీ తన సెషన్‌లోకే వస్తాడు, అందుకోకపోతే రాడు. అందుకే ఆ చిన్న స్విచ్‌ను కూడా యూపీఎస్ మీదకు మార్చండి.

లైసెన్సుల గురించి ఒక్కమాట. రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు మనిషికైనా, పరికరానికైనా కొనవచ్చు. బ్యాచ్‌లుగా నడిచే ల్యాబ్‌లో పరికరాల లెక్కే నయం: 192 బదులు నలభై ఎనిమిది. లైసెన్స్ సర్వర్ లేకుండా 120 రోజులు నడుస్తుంది, ఆ తర్వాత ఎవరినీ లోపలికి రానివ్వదు. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

[దృశ్యం: ల్యాబ్ నిండా విద్యార్థులు, ముందు చేతిలో ఈలతో ఇన్‌స్ట్రక్టర్.]

తరగతులు మొదలుకాక ముందు మేం ఇప్పుడు చేసే పరీక్ష ఇది. మూడు హోస్టుల్లో ఒకదాన్ని కావాలనే ఆపేస్తాం. నలభై ఎనిమిది మందిని కూర్చోబెట్టి, ఈల వేయగానే అందరినీ ఒకేసారి లాగిన్ కమ్మంటాం. కొత్త ప్రొఫైళ్లు పుట్టే మొదటి లాగిన్ మరీ బరువు కాబట్టి ఆ రోజు అంకెను లెక్కలోకి తీసుకోం. రెండో రోజు మళ్లీ ఈల వేసి, చివరి డెస్క్‌టాప్ వచ్చేదాకా గడియారం చూస్తాం. మూడు నిమిషాలు దాటితే ఆ వారం తరగతులు మొదలుపెట్టం.