కుడి చివర నుంచి 27 దాకా: ఒక నిశ్చిత సమాకలని కథ

(నల్లగొండలో ఇంటర్ ద్వితీయ సంవత్సరం ఎంపీసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి నేరుగా లెక్కలోకే వెళ్దాం. ఇవాళ ఒక్కటే లెక్క చేస్తాం, కానీ చివరిదాకా చేస్తాం.

మన కాలువల మీద తూము షట్టర్ ఒక్కసారిగా ఎత్తరు, కొద్దికొద్దిగా ఎత్తుతారు. నీటి జోరు కూడా అలాగే పెరుగుతూ పోతుంది. లెక్క కోసం, x గంటల దగ్గర జోరు గంటకు x² + 2 వేల లీటర్లు అనుకుందాం. ఒకటో గంట నుంచి నాలుగో గంట దాకా పొలంలోకి ఎన్ని నీళ్లు వచ్చాయి? జోరు స్థిరంగా ఉంటే గుణిస్తే అయిపోయేది. ఇక్కడ క్షణక్షణం మారుతోంది. అందుకే సమాకలని కావాలి:

∫₁⁴ (x² + 2) dx

x³/3 + 2x రాసి రెండు హద్దులూ పెట్టేస్తే నిమిషంలో 27 వస్తుందని మీకు తెలుసు. ఆ దారిని కాసేపు పక్కన పెట్టండి. అవకలజం, ప్రతిఅవకలజం ఏవీ ముట్టుకోకుండా, ఉత్త కూడికతో ఆ 27 ఎలా వస్తుందో చూద్దాం. పరీక్షలో "మొత్తం యొక్క అవధిగా సాధించండి" అని అడిగితే రాయాల్సింది కూడా ఇదే.

మూడు గంటల కాలాన్ని n సమాన ముక్కలు చేద్దాం. ఒక్కో ముక్క వెడల్పు 3/n. ప్రతి ముక్కలోనూ జోరు మారుతూనే ఉంటుంది కానీ, ఆ ముక్క ముగిసే క్షణంలో ఉన్న జోరే ముక్కంతా ఉందని పట్టుకుందాం. కుడి చివర అంటే అదే. i-వ ముక్క ముగిసే చోటు:

xᵢ = 1 + 3i/n

మొదట్లో ఉన్న ఆ 1 ని గట్టిగా పట్టుకోండి. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా కనిపించే తప్పు దాన్ని వదిలేసి 3i/n అని రాయడమే. అలా రాస్తే మీరు లెక్కించేది 0 నుంచి 3 దాకా వచ్చిన నీళ్లు, జవాబు 15 వస్తుంది. అడుగులన్నీ చక్కగా ఉంటాయి, లెక్క మాత్రం వేరేది.

ఇప్పుడు ప్రమేయంలో పెడదాం. (1 + 3i/n)² ని విస్తరించి 2 కలిపితే:

f(xᵢ) = 3 + 6i/n + 9i²/n²

దీన్ని వెడల్పు 3/n తో గుణించి, i = 1 నుంచి n దాకా కూడాలి:

Sₙ = (9/n) Σ1 + (18/n²) Σi + (27/n³) Σi²

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కూడికలో కదిలేది i ఒక్కటే. n ఎంత పెద్దదైనా, ఈ కూడిక జరుగుతున్నంతసేపు అది స్థిరాంకం. అందుకే దాన్ని సిగ్మా బయటికి తీసేశాం. ఇక Σ1 అంటే ఒకటిని n సార్లు కూడటం, అంటే n. అది 1 కాదు. ఈ చిన్న విషయం దగ్గరికి మళ్లీ వస్తాను.

మిగతా రెండు సూత్రాలు మీకు వచ్చినవే. Σi = n(n+1)/2, Σi² = n(n+1)(2n+1)/6. రెండోది ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే చెప్పాడు. ఆయన చెప్పిన తీరు గుర్తుపెట్టుకోవడానికి చాలా బాగుంటుంది: పదాల సంఖ్య, దానికి ఒకటి కలిపినది, ఆ రెండింటి మొత్తం, ఈ మూడింటి లబ్ధంలో ఆరో వంతు. n, n+1 కూడితేనే కదా 2n+1 వచ్చేది! ఇలా చూస్తే అది ఎక్కడి నుంచి ఊడిపడిందా అని తడుముకోనక్కర్లేదు.

సూత్రాలు పెట్టి సూక్ష్మీకరిస్తే:

Sₙ = 9 + 9(n+1)/n + (9/2)(n+1)(2n+1)/n²

Sₙ = 27 + 45/(2n) + 9/(2n²)

n అనంతానికి పోతే చివరి రెండు పదాలూ సున్నాకి పోతాయి, 27 మిగులుతుంది. అంటే 27 వేల లీటర్లు.

అవధి తీసుకునే చోటు ఇదొక్కటే, కూడిక పూర్తయ్యాక. కొందరు ముందే తొందరపడి, 3/n సున్నాకి పోతుంది కాబట్టి మొత్తం సున్నా అని రాసేస్తారు. ఒక్కో ముక్క సన్నబడుతుంటే ముక్కల సంఖ్య కూడా అంతే జోరుగా పెరుగుతోందని మరిచిపోతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఆ చివరి వరుస, అవధికి ముందుది. చాలామంది దాన్ని దాటుకుని జవాబుకి పరిగెత్తుతారు. అక్కడ అర నిమిషం ఆగితే మీ లెక్క తప్పో ఒప్పో అదే చెబుతుంది. n = 3 పెట్టండి. సూత్రం ప్రకారం 27 + 7.5 + 0.5 = 35. ఇప్పుడు సూత్రం లేకుండా చేతితో చేయండి. ముక్క వెడల్పు 1, కుడి చివరలు 2, 3, 4, అక్కడి జోరు 6, 11, 18. కూడితే 35. రెండూ కలిశాయి, ఇక టెన్షన్ అక్కర్లేదు.

n = 1 ఇంకా సులువు కదా అని మీరు అడగొచ్చు. సులువే, 54 వస్తుంది, చేతి లెక్కతోనూ 18 × 3 = 54. కానీ ఆ పరీక్ష ఒక తప్పుని పట్టుకోలేదు. ఇందాక చెప్పిన Σ1 సంగతి చూడండి. ఎవరైనా దాన్ని 1 అని రాస్తే మొదటి పదం 9 బదులు 9/n అవుతుంది, చివరి జవాబు 18 వస్తుంది. n = 1 దగ్గర 9, 9/n రెండూ ఒకటే, కాబట్టి తప్పు దాక్కుంటుంది. n = 3 పెడితే 35 బదులు 29 వచ్చి బయటపడుతుంది. అందుకే n = 2 తోనో 3 తోనో చూడమంటాను.

ఇంకో గుర్తు కూడా ఉంది. జోరు పెరుగుతూ పోతోంది కాబట్టి ప్రతి ముక్కలోనూ మనం ఎక్కువే లెక్కేశాం. అంటే Sₙ ఎప్పుడూ 27 కన్నా పైనే ఉండాలి. n = 100 కి 27.22545. పైనుంచి దిగుతోంది, సరిగ్గానే ఉంది. ఎడమ చివరలు తీసుకుని ఉంటే ప్రతి Sₙ 27 కి కిందే ఉండేది, కానీ అవధి మారదు. రెండు మొత్తాలకీ తేడా (18 − 3) × 3/n, అంటే 45/n. అదీ సున్నాకే పోతుంది.

మరి ఈ పద్ధతి ఎంతదాకా నడుస్తుంది? బహుపది అయితే ఎప్పుడైనా నడుస్తుంది, ఘాతం పెరిగితే చాకిరీ పెరుగుతుందంతే. eˣ వస్తే మొత్తం గుణశ్రేఢి అవుతుంది, అదీ కూడవచ్చు. √x దగ్గర మాత్రం చిక్కు వస్తుంది. 0 నుంచి 1 దాకా సమాన ముక్కలు చేస్తే √1 + √2 + … + √n కూడాలి, దానికి Σi² లాంటి సూత్రం లేదు. కానీ ముక్కలు సమానంగానే ఉండాలని ఎవరన్నారు? అన్నిటికన్నా వెడల్పైన ముక్క కూడా సున్నాకి పోతే చాలు. కుడి చివరలని i²/n² గా తీసుకోండి. వర్గమూలం పోయి జోరు i/n అవుతుంది, i-వ ముక్క వెడల్పు (2i − 1)/n² అవుతుంది. కూడాల్సింది (2Σi² − Σi)/n³. మళ్లీ మనకు తెలిసిన సూత్రాలే. అవధి 2/3.