చెక్ బౌన్స్ నోటీసుకు జవాబు రాసేటప్పుడు

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క కేసే చెబుతాను. ఒకాయన 5 లక్షలు అప్పు తీసుకుని, సెక్యూరిటీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్ ఇచ్చాడనుకోండి. తర్వాత 3 లక్షలు బ్యాంకు ద్వారా తీర్చాడు. అప్పిచ్చినాయన అదే చెక్ మీద 5 లక్షలు రాసి బ్యాంకులో వేశాడు. డబ్బుల్లేక చెక్ వెనక్కి వచ్చింది, లాయర్ నోటీసు వచ్చింది.

ముందు కవరు మీద, అందుకున్న తేదీ రాసి పెట్టుకోండి. చెక్ బౌన్స్‌ను నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ఇచ్చే 15 రోజులు ఆ రోజు నుంచే లెక్క. అవి డబ్బు కట్టడానికి ఇచ్చిన రోజులు. జవాబు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు. పోస్ట్‌మ్యాన్‌ని తిప్పి పంపేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. సరైన అడ్రసుకు వచ్చిన నోటీసును వద్దంటే అందినట్టే లెక్క.

టెన్షన్‌లో చాలామంది రాసే మొదటి మాట, ‘ఆ సంతకం నాది కాదు’. చెక్ వెనక్కి పంపుతూ బ్యాంకు ఇచ్చిన మెమోలో ‘నిధులు చాలవు’ అని ఉంటే, ఈ మాట నిలబడటం కష్టం. సంతకం తేడా ఉంటే బ్యాంకు సాధారణంగా ఆ కారణమే రాసేది. ఇంకొకరు ‘చెక్ పోయింది, పైగా అది సెక్యూరిటీకి ఇచ్చింది’ అని రెండూ కలిపి రాస్తారు. పోయిందా, ఇచ్చారా? క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ మొదట అడిగేది అదే.

ఖాళీ చెక్ ఇచ్చానన్న ఒక్క మాటతో బయటపడలేం. సంతకం ఒప్పుకుంటే, చెక్ బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపే భారం మనదే. మన కేసులో అసలు బలం ఆ 3 లక్షలు. చెక్ ఇచ్చాక కొంత బాకీ తీరితే, అది చెక్ మీద నమోదు చేయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే, ఆ మొత్తం బాకీ కాదు కాబట్టి 138 వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయితే ఆ చెల్లింపు చెక్ వేయకముందు జరిగి ఉండాలి. బౌన్స్ అయ్యాక కొంత కడితే ఈ వాదన పనికిరాదు.

కాబట్టి జవాబు ఇలా ఉండాలి: ‘చెక్ ఫలానా తేదీన సెక్యూరిటీగా ఇచ్చాను. ఈ తేదీల్లో ఇంత చొప్పున మొత్తం 3 లక్షలు మీ ఖాతాకు పంపాను. చెక్ వేసిన నాటికి 5 లక్షల బాకీ లేదు.’ స్టేట్‌మెంట్ కాపీ జత చేయండి. మిగిలిన 2 లక్షలు నిజంగా బాకీయే అయితే, గడువులోపే బ్యాంకు ద్వారా పంపి ఆ వివరమూ రాయండి.

‘కొంచెం టైమివ్వండి, మొత్తం కట్టేస్తాను’ అని మాత్రం రాయకండి. మర్యాదకు రాసిన ఆ వాక్యమే 5 లక్షల బాకీని సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు అవుతుంది. అలాగని ఊరుకోవద్దు. మొదట జవాబివ్వకుండా కోర్టులో కొత్తగా చెబితే, తర్వాత అల్లిన కథేమో అన్న అనుమానం వస్తుంది. లాయరుకు చూపించాక స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఆ కవరుతోనే దాచుకోండి.