ఆ పెళ్లి కోటు పాడైంది కత్తెర దగ్గర కాదు, ఉత్తరం దగ్గర!

దూరాన ఉన్న పెళ్లికొడుకు తనకి తెలిసిన టైలర్‌కి రాసిన ఉత్తరం ఇది: "అన్నా, పెళ్లి కోటుకి నా కొలతలు పంపుతున్నాను. చెస్ట్ 40, నడుము 36, షోల్డర్ 18, చెయ్యి 24, ప్యాంటు పొడవు 40. మరీ టైట్ వద్దు, మరీ లూజు వద్దు. పెళ్లికి ముందురోజు దిగుతాను. నా సంగతి నీకు తెలుసుగా, చూసి కుట్టెయ్యి."

అందరూ కలిసి టైలర్‌ని తిట్టిపోస్తున్నారు. ఈ కొలతలతో కుట్టిన కోటుకి గుండీ పెట్టుకోవడానికి రాలేదట, టైలర్‌కి పని చేతకాదట. కాస్త ఆగండి! ఆ కోటు మీద కత్తెర పడకముందే అది పాడైపోయింది. నేను ఖరాకండిగా చెప్తున్నా, దూరాన ఉన్నవాడు ఒంటి కొలత పంపకూడదు. ఒంటికి చక్కగా కూర్చున్న పాత కోటు ఉంటే ఆ కోటు కొలత పంపాలి. మీకు విసుగొచ్చినా సరే, ఈ వీడియో అయ్యేదాకా ఇదే మాట అంటాను.

అసలు ఆ 40 ఎక్కడి నుంచి వచ్చింది? టేపు ఛాతీ చుట్టూ తిప్పితే వచ్చిందా, పాత కోటు బల్ల మీద పరిచి కొలిస్తే వచ్చిందా, లేక చొక్కా లేబుల్ చూసి రాశాడా? మూడూ వేరు వేరు. కొన్ని చొక్కాల లేబుల్ మీద ఉండే 40 అసలు ఛాతీ కొలతే కాదు, కాలర్ చుట్టుకొలత, అదీ సెంటీమీటర్లలో! దాన్ని ఛాతీ అంగుళాలనుకుని రాసేస్తే ఇక ఆ టైలర్ ఏం చేస్తాడు?

సరే, నిజంగానే ఒంటి మీద టేపు పెట్టాడనుకుందాం. ఒళ్లు 40 అయితే కోటు 40 ఉండదు. లోపల చొక్కా ఉంటుంది, ఊపిరి పీల్చాలి, చెయ్యి ముందుకు చాపి నలుగురితో కరచాలనం చెయ్యాలి. అందుకని మామూలు కోటుకి ఛాతీ దగ్గర 4 అంగుళాల దాకా లూజు కలుపుతారు. అంటే కుట్టడం అయ్యాక కోటు 44 రావాలి. అదే 40ని టైలర్ "ఇది కోటు కొలత, లూజు కలిపే పంపాడు" అనుకుంటే 40కే కుడతాడు. ఒకే అంకెకి రెండు కోట్లు, మధ్యలో తేడా 4 అంగుళాలు! గుండీ పెట్టగానే దాని చుట్టూ ఎక్స్ ఆకారంలో ముడతలు లాగుతున్నాయంటే జరిగింది ఇదే. ఇందులో చేతకానితనం ఎక్కడుంది చెప్పండి? ఇద్దరూ నిజమే రాసుకున్నారు, ఒకరి నిజం ఇంకొకరికి అర్థం కాలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించే అంకె, షోల్డర్ 18. ఎవడి షోల్డర్ వాడు కొలుచుకోలేడండీ! టేపు పట్టుకోవడానికి చెయ్యి ఎత్తగానే భుజం పైకి లేస్తుంది, ఆ కొన కదిలిపోతుంది. పక్కనున్న రూమ్మేట్ కొలిచాడంటారా, ఆయనకి భుజం ఎముక ఎక్కడ ఆగి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. అర అంగుళం తప్పితే చాలు. ఛాతీ పక్క కుట్లు విప్పి కొంత సర్దొచ్చు, చెయ్యి పొడవు సర్దొచ్చు, భుజం మాత్రం అంత తేలిగ్గా సర్దలేం. సరిచెయ్యాలంటే చేతులు ఊడదీసి, లైనింగ్ విప్పి, ప్యాడ్ తీసి మళ్లీ కుట్టాలి. ఇరుకైతే అదీ కుదరదు, అక్కడ గుడ్డే ఉండదు. వెడల్పైతే భుజం కొన కింద చెయ్యి పైభాగంలో గుంట పడుతుంది. అద్దంలో ఆ గుంట కనిపిస్తే భుజం పెద్దదైందని అర్థం.

మరి ఏం పంపాలి? అదే చెప్తున్నా, కోటు కొలత! ఒంటికి బాగా కూర్చునే కోటు ఒకటి తీసుకోండి. సాగే గుడ్డది వద్దు. గుండీలు పెట్టి, ముడతల్లేకుండా బల్ల మీద పరవండి. ఈ చంక కుట్టు నుంచి ఆ చంక కుట్టు దాకా అడ్డంగా టేపు పెట్టండి. 22 వచ్చిందా, రెట్టింపు చేస్తే 44. అదే ఛాతీ, లూజుతో సహా. తర్వాత కోటు తిరగేసి, వీపు మీద ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా. భుజం కుట్టు నుంచి చెయ్యి అంచు దాకా. కాలర్ కింద కుట్టు నుంచి కోటు అంచు దాకా వీపు పొడవు. నాలుగే నాలుగు. ఉత్తరం పైన పెద్ద అక్షరాలతో "ఇవి కోటు కొలతలు, ఒంటివి కావు, అంగుళాల్లో ఉన్నాయి" అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఇవాళ ఈ గొడవే లేదు!

ప్యాంటుకీ ఇదే సూత్రం. నడుము 36 అంటే ఎక్కడ, బొడ్డు మీదా, బెల్టు పెట్టుకునే చోటా? పైగా సీటు కొలత లేదు, తొడ కొలత లేదు. పెళ్లికొడుకు కుర్చీలో కూర్చోవాలా వద్దా? సరిపోయే ప్యాంటు పరిచి నడుము పట్టీ, సీటు, తొడ, కాలి లోపలి కుట్టు, కింద అంచు కొలిచి రాస్తే అయిపోయేది.

కోటు కొలతతో తెలియని సంగతి ఒకటుంది, అది కూడా ఒప్పుకోవాలి. మనిషి నిలబడే తీరు చెప్పదు. కొంచెం వంగి నిలబడేవాళ్లకి వీపు పొడవు ఎక్కువ కావాలి, ఛాతీ విరిచి నిలబడేవాళ్లకి ముందు భాగం పొడవు కావాలి. చాలామందికి ఒక భుజం ఇంకోదానికంటే కిందికి ఉంటుంది. అందుకని ఒంటికి అతికిన బనియన్‌తో ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మూడు ఫోటోలు. ఫోను ఛాతీ ఎత్తులో పెట్టి ఎవరైనా తియ్యాలి, కడుపు లోపలికి పీల్చుకోకుండా మామూలుగా నిలబడాలి. పెళ్లి ఫోటో కాదు అది, టైలర్‌కి చూపించే ఫోటో.

టైలర్‌ని పూర్తిగా వదిలేస్తున్నానా అంటే లేదు. ఈ ఉత్తరం చేతికొచ్చిన రోజే తిరిగి ఒక్క ప్రశ్న అడగాల్సింది: "40 ఒంటిదా, కోటుదా?" తెలిసిన కుర్రాడు కదా, అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడ్డాడు. ఆ మొహమాటమే కోటుని మింగింది! దూరం నుంచి వచ్చిన కొలతకి పక్క కుట్లలో, వీపు మధ్య కుట్టులో, ప్యాంటు వెనక కుట్టులో ఒక్కోవైపు అంగుళం గుడ్డ ఎక్కువ వదిలిపెట్టాలి. చేతుల అంచు దగ్గర కాజాలు తియ్యకూడదు. కాజా పడ్డాక చెయ్యి పొడవు కింద నుంచి మార్చడం కుదరదు. ప్యాంటు అడుగు కుట్టకుండా ఆపాలి.

ఇక ఆ "ముందురోజు దిగుతాను". ముందురోజు వచ్చినవాడికి ప్యాంటు అడుగు మడవొచ్చు, చెయ్యి అంచు సర్దొచ్చు, లోపల గుడ్డ వదిలి ఉంటే నడుము కాస్త వదులు చెయ్యొచ్చు. అంతే. కచ్చా కుట్టుతో వేసి చూసే ట్రయల్‌కి టైమెక్కడిది? సెలవు ముందు దొరకదంటారా, అప్పుడు మాత్రం కొత్త గుడ్డ కొయ్యకముందే, సరిపోయే ఆ పాత కోటునే వచ్చేవాళ్లతో టైలర్‌కి పంపించెయ్యండి. కొలతలు ఆయనే తీసుకుంటాడు.